మీకు తెలుసా? పెర్సెఫోనీ పాతాళవాసం ఏ కాలంలో?

పంటల దేవత డిమీటర్ కూతురు పెర్సెఫోనీని పాతాళరాజు హేడిస్ ఎత్తుకుపోయాడు. తల్లి శోకానికి వేసిన విత్తనం మొలవలేదు. కూతురు తిరిగొచ్చినా, అక్కడ దానిమ్మ గింజ తిన్నందుకు ఏటా మూడో వంతు కాలం పాతాళంలోనే గడపాలి. అది చలికాలమని చాలామంది అంటారు. కానీ గ్రీసులో గోధుమ, బార్లీ శరత్కాలపు వానలకు విత్తుతారు; చలికాలమంతా చేలు పచ్చగానే ఉంటాయి. మే, జూన్‌లలో కోతలయ్యాక ఎండకు నేల బీడువారుతుంది. అందుకే ఆమె పాతరలో దాచిన విత్తనమనీ, పాతాళవాసం వేసవిదనీ పండితుడు మార్టిన్ నిల్సన్ వాదించాడు. ఎల్యూసిస్‌లో తల్లీకూతుళ్ల ఉత్సవం విత్తులకు ముందు, సెప్టెంబరు ప్రాంతంలో జరగడం దీనికి బలం. అయితే హోమర్ పేరిట ఉన్న ప్రాచీన స్తోత్రం ఆమె వసంతంలో పూలతో వస్తుందంటుంది, దీన్ని తోసిపుచ్చలేం. కథను స్తోత్రం ప్రకారమే చదవాలి. మరణలోకపు రాణి ధాన్యదేవత కూతురెందుకైందో మాత్రం పాతరే బాగా చెబుతుంది: రైతు తిండిగింజా, చచ్చినవాళ్లూ చేరేది ఒకే మట్టి కిందికి.