పాడింది 40 వేలకు.. బిల్లు 54 వేలు! వేలంలో ఫర్నిచర్ కొంటే చివరికి ఎంత కట్టాలి?

నూజివీడులో మామిడి తోటల మధ్య ఇల్లు కట్టుకున్నారు. జమీందారీ కాలంనాటి ఇళ్లలో కనిపించే పాత టేకు బీరువా లాంటిది కావాలని ఆన్‌లైన్ వేలంలో పాల్గొన్నారు. రూ.40,000కు పాట మీదే ఖాయమైంది. మరుసటి రోజు మెయిల్‌లో వచ్చిన బిల్లు చూస్తే రూ.54,280 ఉంది. ఇది మోసమా? చాలాసార్లు కాదు. పాట మొత్తం మీద ఏమేం కలుస్తాయో తెలియకపోవడమే అసలు చిక్కు.

పాట ధర ఒక్కటే కాదు

చివరి పాటను 'హ్యామర్ ప్రైస్' అంటారు. వస్తువు ధర ఇదే. దీనిపై వేలం సంస్థ కొనుగోలుదారు దగ్గర తీసుకునే రుసుము 'బయ్యర్స్ ప్రీమియం'. మామిడి మండీలో రైతుకు రావాల్సిన డబ్బులోంచి కమీషన్ కోయడం మనకు తెలిసిందే. ఇక్కడ కొనేవారు కూడా కమీషన్ ఇవ్వాలన్నమాట. ఇది ఎంత శాతం అనేది ఒక్కో సంస్థకు ఒక్కోలా ఉంటుంది. వేలం నిబంధనల్లో ముందే రాసి ఉంటుంది.

పన్ను రెండు చోట్ల పడుతుంది. ప్రీమియం అనేది సేవకు తీసుకునే రుసుము కాబట్టి దానిపై 18 శాతం జీఎస్టీ. వస్తువుపై పన్ను వేరే. మామూలు చెక్క ఫర్నిచర్‌కు అది కూడా 18 శాతమే.

లెక్క ఇలా

ప్రీమియం 15 శాతం అనుకుందాం.

- పాట ధర: రూ.40,000
- ప్రీమియం 15%: రూ.6,000
- ప్రీమియంపై జీఎస్టీ 18%: రూ.1,080
- బీరువాపై జీఎస్టీ 18%: రూ.7,200
- మొత్తం: రూ.54,280

బిల్లులో పన్నును సీజీఎస్టీ 9, ఎస్జీఎస్టీ 9గా విడదీసినా, ఐజీఎస్టీ 18గా ఒకేచోట చూపినా మొత్తం మారదు. ముందుగా ధరావతు (ఈఎండీ) కట్టి ఉంటే, నిబంధనల ప్రకారం దాన్ని ఇందులోంచి తగ్గించారో లేదో చూసుకోండి. రవాణా, కూలీ ఖర్చులు ఈ లెక్కలో లేవు.

అదే బీరువా, వేరే బిల్లు

అమ్మేది ఎవరు, వస్తువు వయసెంత అన్నదాన్ని బట్టి మొత్తం మారుతుంది.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని ఇంటి యజమాని తన బీరువాను వేలం సంస్థ ద్వారా తన పేరుమీదే అమ్మిస్తే, పాట ధరపై జీఎస్టీ ఉండదు. ప్రీమియం, దానిపై పన్ను మాత్రమే కలుస్తాయి. అప్పుడు రూ.47,080 సరిపోతుంది. రిజిస్ట్రేషన్ లేనివారు జీఎస్టీ వసూలు చేయడానికి వీల్లేదు. కాబట్టి బిల్లులో పన్ను ఉంటే, ఎవరి జీఎస్టీ నంబరుపై వేశారో చూడండి.

వందేళ్లు దాటిన వస్తువైతే 'యాంటిక్' కింద వస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి దీనిపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అప్పుడు మొత్తం రూ.49,080. అయితే 'పాతకాలంది' అని ప్రకటనలో రాసినంత మాత్రాన చాలదు. వందేళ్లు దాటినట్టు అమ్మేవారు చూపగలగాలి, బిల్లులో కూడా అలాగే ఉండాలి.

ప్రభుత్వ ఆఫీసు వేలమైతే?

కార్యాలయాల పాత కుర్చీలు, బల్లల వేలంలో బయ్యర్స్ ప్రీమియం ఉంటుందా, లేదా అన్నది ఆ నోటీసే చెబుతుంది. జీఎస్టీలో మాత్రం ఒక తేడా ఉంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి ప్రభుత్వ శాఖ నుంచి వాడిన వస్తువులు కొంటే, 'రివర్స్ ఛార్జ్' కింద పన్ను తానే ప్రభుత్వానికి కట్టాలి. కాబట్టి శాఖ ఇచ్చే బిల్లులో పన్ను కనిపించకపోయినా ఆ ఖర్చు పోలేదు. సొంతానికి కొనే మామూలు వ్యక్తికి ఈ పద్ధతి వర్తించదు. పన్ను ఉంటే శాఖే బిల్లులో వేస్తుంది.

పాడే ముందే వెనక్కి లెక్కేయండి

మీ దగ్గరున్నది రూ.50,000 అనుకోండి. పై ఉదాహరణలో ప్రతి రూ.100 పాటకు రూ.135.70 కట్టాలి. అందుకే 50,000ను 1.357తో భాగించాలి. రూ.36,846 వస్తుంది. పాట రూ.500 చొప్పున పెరుగుతుంటే రూ.36,500 దగ్గర ఆగాలి. అప్పుడు బిల్లు సుమారు రూ.49,530. మరో రూ.500 పెంచితే బిల్లు రూ.50,209 అవుతుంది, బడ్జెట్ దాటిపోతుంది.

ఈ లెక్కకు మూడు విషయాలు చాలు: ప్రీమియం శాతం, వస్తువుపై జీఎస్టీ ఉందో లేదో, ఉంటే ఎంత. ఇవి నిబంధనల్లో లేకపోతే పాటకు ముందే మెయిల్‌లో అడిగి, జవాబును దాచుకోండి. పాట మీదయ్యాక డబ్బు కట్టకపోతే ధరావతు పోయే ప్రమాదం ఉంటుంది.