పన్ను వివాదంలో మన ఫోన్ రిజిస్టరు



సొసైటీకి వచ్చిన ఆదాయపు పన్ను డిమాండ్ ఏమైందని మొన్న రంజాన్‌లో చాలామంది అడిగారు. అది ఇంకా అప్పీలులో ఉంది. ఈ వ్యాసం మాత్రం ఆ అప్పీలుకు ఆధారమైన ఒక రిజిస్టరు గురించి. మీలో మస్జిద్ కమిటీలు, ట్రస్టులు చూసుకునేవారు ఉన్నారు కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

ధార్మిక సంస్థ మినహాయింపు కోరాలంటే ఆడిట్ నివేదికను రిటర్ను గడువుకు ఒక నెల ముందే దాఖలు చేయాలి. మనం వేయాల్సింది ఫారం 10బి. ఆ ఏడాది రిటర్ను సకాలంలోనే వేశాం, ఆ ఫారం మాత్రం మూడు వారాలు ఆలస్యమైంది. తప్పు మనదే. దాంతో సెక్షన్ 143(1) కింద వచ్చిన ఇంటిమేషన్‌లో సెక్షన్ 11 మినహాయింపు లేదు. ఆరు లక్షల పైచిలుకు కట్టాలని ఉంది. పిల్లల స్కాలర్‌షిప్పులకు పెట్టుకున్న సొమ్ము కూడా దాదాపు అంతే.

అప్పటి మన కోశాధికారి సాహెబ్, అల్లాహ్ ఆయన్ను మన్నించుగాక, ఆ రోజే ఒక రూళ్ల రిజిస్టరు తెరిచారు. మొదటి పేజీలో పోర్టల్‌లో నమోదైన ఈమెయిల్ ఏది, ఫోన్ ఎవరిది అని రాశారు. నోటీసులు వెళ్లేది అక్కడికే. కమిటీ మారినా పాత కార్యదర్శి నంబరే ఉండిపోతే గడువు ఎవరికీ తెలియకుండా దాటిపోతుంది. తర్వాతి పేజీల నుంచి ప్రతి ఫోన్ కాల్‌కూ ఒక వరుస: తేదీ, సమయం, మనవైపు ఎవరు మాట్లాడారు, అవతల ఎవరు, ఏం చెప్పారు, ఏ నంబరు ఇచ్చారు, మళ్లీ ఎప్పుడు అడగాలి.

నంబర్ల దగ్గరే మొదట పొరబడ్డాం. రిటర్నుకు 15 అంకెల అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు ఉంటుంది. శాఖ పంపే నోటీసుకు, ఉత్తర్వుకు డిన్ అనే నంబరు ఉంటుంది. 2019 అక్టోబరు 1 నుంచి అది తప్పనిసరి. ఆ కాగితం నిజంగా శాఖ పంపిందేనా అని పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు కూడా. మనం పెట్టే ఫిర్యాదుకు మళ్లీ వేరే నంబరు. సవరణ అర్జీ గురించి ఫిర్యాదు చేస్తూ రిటర్ను నంబరు వేశాం. మీ రిటర్ను ప్రాసెస్ అయింది అని జవాబిచ్చి ఫిర్యాదు మూసేశారు. అడిగింది ఒకటి, వచ్చిన జవాబు ఇంకొకటి అయితే ముందు మనం వేసిన నంబరు చూసుకోవాలి. అప్పటి నుంచి సాహెబ్ ప్రతి నంబరు పక్కన అది దేనిదో ఎర్ర ఇంకుతో రాసేవారు.

అసలు దెబ్బ వేరేచోట తగిలింది. ఇంటిమేషన్ అందిన తొమ్మిదో రోజున సెక్షన్ 154 కింద సవరణ అర్జీ పెట్టి, దాని జవాబు కోసం ఆగిపోయాం. అప్పీలుకు గడువు 30 రోజులు. సవరణ అర్జీ పెట్టినంత మాత్రాన ఆ గడువు ఆగదు. 82వ రోజున అర్జీ తిరస్కరించారు. అదే వారం సాహెబ్ ఆసుపత్రి పాలయ్యారు, ఇక ఇంటికి రాలేదు. 98వ రోజున, అంటే 68 రోజులు ఆలస్యంగా, వెయ్యి రూపాయల ఫీజు కట్టి ఫారం 35లో అప్పీలు వేశాం.

తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం అప్పీలు అధికారికి ఉంది. ఆ కారణం చూపడానికి రిజిస్టరు తీశాం. అందులో 14 కాల్స్ ఉన్నాయి. మన చార్టర్డ్ అకౌంటెంట్ వాటిలో తొమ్మిదింటిని పక్కన పెట్టేశారు. నాకు కష్టమనిపించింది, అవన్నీ ఆయన చేత్తో రాసినవి. కానీ వాటికి నంబరు లేదు, కాగితం లేదు. మన పుస్తకంలో మనం రాసుకున్న మాటను ఎదుటివారు ఎందుకు నమ్మాలి? మిగిలిన ఐదు కాల్స్ ఒక్కొక్కటి ఒక ఫిర్యాదు నంబరుకో, ఒక జవాబుకో దారితీసినవి. వాటితో తేదీ, ఏం చేశాం, నంబరు అని ఒక్క పేజీ పట్టిక వేసి, అక్నాలెడ్జ్‌మెంట్లన్నీ వెనుక జతచేశాం. చివరి 16 రోజులకు ఆసుపత్రి కాగితాలు పెట్టాం.

అప్పటి నుంచి ఫోన్ పెట్టేసిన రోజే, మాట్లాడిన విషయాన్ని నాలుగు వాక్యాల్లో ఫిర్యాదుగా పోర్టల్‌లో పెడుతున్నాం. అప్పుడు ఆ కాల్‌కూ ఒక నంబరు పుడుతుంది. ఏది దాఖలు చేసినా ఈ-వెరిఫై అయిందా అని చూసి, రసీదు దించుకున్నాకే రిజిస్టరులో టిక్కు పెడతాం. వెరిఫై కాకుండా ఆగిపోయింది దాఖలు చేసినట్టు కాదు. అప్పీలు వేసినా వసూలు దానంతటది ఆగదు కనుక స్టే కోసం వేరే అర్జీ పెట్టాం. దానికీ ఒక వరుస ఉంది.

ఆలస్యానికి ఆధారాలు చూపమని సెక్షన్ 250 కింద నోటీసు వచ్చినప్పుడు రెండో రోజే జవాబు పంపగలిగాం. ఉత్తర్వు ఇంకా రాలేదు. రిజిస్టరు ఇప్పుడు ఆఫీసు బీరువాలో, రసీదు పుస్తకాల పక్కన ఉంది. దాతలు ఎవరైనా వచ్చి చూడవచ్చు.