మలంలో జిగురు: అమీబా అనుకుని మింగేసే మాత్రలు

‘రెండు మూడు రోజులుగా జిగురు పడుతోందండీ’ అని మందుల షాపులో చెప్పి చూడండి. పది షాపుల్లో ఎనిమిదింట అడక్కుండానే మెట్రోనిడజోల్ స్ట్రిప్పు చేతికొస్తుంది. మలంలో జిగురంటే అమీబియాసిస్, దానికి ఆ మాత్ర. ఈ లెక్క మన ఇళ్లలో ఎంతగా పాతుకుపోయిందంటే, డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు కూడా ‘నాకు అమీబియాసిస్ ఉందండీ, పదేళ్లుగా’ అంటూ మొదలుపెడతారు. వాళ్లలో చాలామందికి అమీబా ఉండదు.

అసలు ఆ జిగురు బయటి నుంచి వచ్చింది కాదు, పేగు తయారుచేసుకునేదే. పెద్దపేగు లోపలి పొరలో గోబ్లెట్ కణాలనేవి ఉంటాయి. వాటి పనే మ్యూసిన్ అనే చిక్కటి పదార్థాన్ని వదలడం. అది నీటిని పీల్చుకుని ఉబ్బి, పేగు గోడ మీద పొరగా పరుచుకుంటుంది. ఈ పొర నిజానికి రెండు అంతస్తులని స్వీడన్ పరిశోధకులు ఎలుకల మీద చేసిన పరిశీలనలో 2008లో తేల్చారు. పైది వదులుగా ఉండి బ్యాక్టీరియాకు నివాసమవుతుంది. గోడను అంటిపెట్టుకుని ఉండే కిందిది గట్టిది, బ్యాక్టీరియాను చొరబడనివ్వదు. కోట్లాది సూక్ష్మజీవుల పక్కన ఉంటూ కూడా పేగు గోడ పాడవకుండా ఉండేది దీనివల్లే. కొద్దిపాటి జిగురు రోజూ మలంతో కలిసిపోయే పోతుంది, కంటికి ఆనదు. మలబద్ధకం ఉన్నప్పుడు గట్టి మలం మీద తెల్లసొనలా కాస్త కనిపించినా కంగారుపడాల్సింది లేదు. రోజుల తరబడి, విడిగా, కంటికి కనిపించేంతగా పడుతుంటేనే కారణం వెతకాలి.

ఇన్ఫెక్షన్ అయితే అది సాధారణంగా తారీఖు చెప్పి వస్తుంది. ‘సోమవారం పెళ్లి భోజనం, బుధవారం నుంచి ఇలా’ అని రోగే చెప్పగలడు. షిగెల్లా బ్యాక్టీరియా పెద్దపేగు గోడను తొలిచినప్పుడు జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి, గంటకోసారి పరుగు ఉంటాయి. వెళ్తే వచ్చేది మాత్రం చెంచాడు జిగురు, కాస్త రక్తం. అమీబా పద్ధతి వేరు. అది నెమ్మదిగా, ఒకటి రెండు వారాల్లో ముదురుతుంది, జ్వరం అంతగా ఉండదు. ఈ రెండింటికీ వాడే మందులు ఒకటి కావు. షిగెల్లాను మెట్రోనిడజోల్ ఏమీ చేయలేదు.

మరి అమీబా ఉందో లేదో మల పరీక్ష చెప్పేస్తుంది కదా అంటే, ఇక్కడే పెద్ద చిక్కుంది. జబ్బు చేసే అమీబా పేరు ఎంటమీబా హిస్టోలిటికా. అచ్చం దానిలాగే ఉండి ఏ హానీ చేయని ఎంటమీబా డిస్పార్ అనేది ఇంకొకటుంది. ఈ రెండూ వేరువేరు జీవులని శాస్త్రవేత్తలు స్పష్టంగా నిర్ధారించింది 1993లో. వీటి సిస్టులను మైక్రోస్కోపులో చూసి ఏది ఏదో చెప్పడం ఎంతటి నిపుణుడికైనా సాధ్యం కాదు. కాబట్టి రిపోర్టులో ‘సిస్టులు ఉన్నాయి’ అని రాసినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. ఎర్ర రక్తకణాలను మింగి కదులుతున్న అమీబా కనిపిస్తే అది గట్టి ఆధారం. అది కనిపించాలంటే జిగురు, రక్తం ఉన్న భాగాన్నే డబ్బాలోకి తీసి, అరగంటలోపు ల్యాబులో చూడాలి. ఆలస్యమైతే అది చచ్చి రూపు మారిపోతుంది. పొద్దున ఆరింటికి పట్టిన శాంపిల్ పదింటికి ల్యాబుకు చేరితే ‘ఏమీ లేదు’ అన్న రిపోర్టుకు పెద్ద విలువేమీ ఉండదు.

ఇప్పుడు ఒక నమూనా కేసు చూద్దాం. ముప్పై దాటిన ఉద్యోగి. రెండేళ్లుగా పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరేలోపు మూడుసార్లు వెళ్లాలి. మొదట మామూలుగా, తర్వాత పల్చగా, చివర్లో తెల్లటి జిగురు. వెళ్లేముందు కడుపు నొప్పి, వెళ్లొచ్చాక హాయి. సెలవుల్లో తగ్గుతుంది. రక్తం లేదు, బరువు తగ్గలేదు, రాత్రి నిద్ర మధ్యలో లేవాల్సిన పని లేదు. మెట్రోనిడజోల్ కోర్సు వాడినప్పుడల్లా ‘కొన్నాళ్లు బాగానే ఉంది’. ఇది ఐబీఎస్ లక్షణం. మూడు నెలలుగా వారానికి కనీసం ఒకరోజు కడుపు నొప్పి, దానికి తోడు మల విసర్జనలో మార్పు ఉండాలన్నది డాక్టర్లు చూసే కొలమానం. పేగు గోడకు పుండు లేదు, వాపు లేదు. పేగు కదలికా, నరాల సున్నితత్వమూ గాడి తప్పాయి, అంతే. మరి మాత్రకు ఎందుకు తగ్గింది? ఐబీఎస్ దానంతటదే ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. బాగా ఎక్కినప్పుడు మాత్ర వేసుకుంటాం, దిగినప్పుడు పేరు మాత్రకు పోతుంది. ఒకప్పుడు నిజంగానే ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గినవాళ్లలో పదిమందిలో ఒకరికి ఆ తర్వాత ఐబీఎస్ మిగిలిపోతుంది. అందుకే ‘అప్పుడొచ్చిన అమీబా ఇంకా పోలేదు’ అనిపిస్తుంది.

అదే కథలో రెండు వాక్యాలు మార్చండి. జిగురుతో పాటు రక్తం కలిసి వస్తోంది, రాత్రి రెండింటికి మెలకువ తెప్పించి మరీ పరుగు పెట్టిస్తోంది. ఇక ఇది ఐబీఎస్ కాదు. పేగుపూత, అంటే అల్సరేటివ్ కొలైటిస్ అనుమానించాలి. ఇది పురీషనాళంలో మొదలై పైకి పాకే వాపు. కిందిభాగానికే పరిమితమైతే మలబద్ధకం కూడా ఉండొచ్చు. మలం రాదు, వెళ్లినప్పుడల్లా రక్తపు జిగురు మాత్రమే వస్తుంది. దీన్ని పైల్స్ అనుకుని నెలలు గడిపేసేవాళ్లున్నారు. పైల్స్ రక్తం సాధారణంగా ఎర్రగా, చివర్లో బొట్లుబొట్లుగా పడుతుంది. ఇక్కడ రక్తం జిగురుతో కలిసిపోయి ఉంటుంది. అయితే కంటిచూపుతో తేల్చుకునే సంగతి కాదిది.

ఐబీఎస్‌కూ పేగుపూతకూ మధ్య గీత గీయడానికి ఇప్పుడు కాల్‌ప్రొటెక్టిన్ అనే మల పరీక్ష ఉంది. పేగులో వాపు ఉంటే తెల్ల రక్తకణాల నుంచి ఈ ప్రొటీన్ మలంలోకి వస్తుంది. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపుంటే పేగులో వాపు ఉండే అవకాశం చాలా తక్కువ. వందల్లో ఉంటే కొలనోస్కోపీ చేసి, చిన్న ముక్క తీసి పరీక్షించాలి. ఇన్ఫెక్షన్‌లోనూ, నొప్పి మాత్రలు ఎక్కువగా వాడేవాళ్లలోనూ ఇది పెరుగుతుంది కనుక ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి.

ముక్క పరీక్షకు ఇంకో అవసరం కూడా ఉంది. పేగుపూత ముదిరితే స్టెరాయిడ్లు ఇస్తారు. లోపల ఉన్నది నిజంగా అమీబా పుండే అయితే స్టెరాయిడ్లతో అది చెలరేగి పేగుకు చిల్లు పడే ప్రమాదముంది. మన దేశంలో పేగు క్షయ కూడా అచ్చం క్రోన్స్ అనే మరో రకం పేగువాపులాగే కనిపించి బోల్తా కొట్టిస్తుంది. అందుకే రక్తంతో జిగురు పడేవాళ్లు అటు మెట్రోనిడజోల్ గానీ, ఇటు ఎవరికో రాసిన స్టెరాయిడ్ గానీ సొంతంగా మొదలుపెట్టకూడదు. జ్వరంతో పాటు రక్తం పడినా, నీరసం, దాహం ఎక్కువైనా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నలభై ఐదు దాటాక కొత్తగా మొదలైన జిగురు, మారిన విసర్జన అలవాటు ఉంటే, క్యాన్సర్ కాదని తేల్చుకోవడానికి కొలనోస్కోపీ అవసరమా అని అడగాలి.

పేగుపూత అని తేలినవాళ్లలో చాలామందికి మెసలమైన్‌తో మొదలుపెడతారు. కిందిభాగానికే పరిమితమైన జబ్బుకు మాత్ర కంటే మలద్వారంలో పెట్టుకునే మందు బాగా పనిచేస్తుంది. సిగ్గుపడి చాలామంది దాన్ని మానేసి మాత్రతో సరిపెట్టుకుంటారు. కొన్ని వారాలకు జిగురు ఆగిపోగానే మొత్తం మానేసేవాళ్లు ఇంకొందరు. కంటికి జిగురు కనిపించడం మానేసినా లోపల వాపు మిగిలి ఉండొచ్చు. అందుకే మందు తగ్గించేముందు డాక్టర్లు మళ్లీ కాల్‌ప్రొటెక్టిన్ చేయించి చూస్తారు.