తూటా అంచున దిగితే

2013లో 'వెరిటాసియం' పేరుతో సైన్సు వీడియోలు చేసే డెరెక్ ముల్లర్ ఒక ప్రయోగం చూపించాడు. కొయ్య దిమ్మెను కింది నుంచి తుపాకీతో కాల్చారు. తూటా ఒకసారి నడిమధ్య దిగింది, మరోసారి పక్కకు దిగింది. పక్కన తగిలిన దిమ్మె గిరగిరా తిరుగుతూ లేచింది. అయినా రెండూ ఒకే ఎత్తుకు వెళ్లాయి. మరి ఆ తిరుగుడుకు శక్తి ఎక్కడిది?

దిమ్మె కంటే గుండ్రటి బిళ్ళతో లెక్క సులువు. రాపిడి లేని బల్ల మీద 970 గ్రాముల బిళ్ళ ఉందనుకుందాం. వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు, ఇరుసు లేదు. 10 గ్రాముల తూటా సెకనుకు 300 మీటర్ల వేగంతో స్పర్శరేఖ వెంబడి వచ్చి అంచులో దిగబడింది.

ముందుకు సాగే వేగం తేలిక. తూటా ద్రవ్యవేగాన్ని మొత్తం 980 గ్రాములూ పంచుకుంటాయి కాబట్టి ద్రవ్యరాశి కేంద్రం సెకనుకు సుమారు 3.06 మీటర్లతో కదులుతుంది. తూటా ఎక్కడ తగిలినా ఇది మారదు. దిమ్మెలు ఒకే ఎత్తుకు లేచింది అందుకే.

విద్యార్థులు తడబడేది తిరుగుడు దగ్గర. తూటా దిగాక ఉమ్మడి ద్రవ్యరాశి కేంద్రం బిళ్ళ నడుమ నుంచి తూటా వైపు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. కోణీయ ద్రవ్యవేగాన్నీ, జడత్వ భ్రామకాన్నీ ఆ కొత్త బిందువు చుట్టూనే లెక్కగట్టాలి. తూటా ద్రవ్యరాశి m, వేగం v, బిళ్ళ ద్రవ్యరాశి M, వ్యాసార్ధం R అయితే కోణీయ వేగం ఇలా తేలుతుంది:

ω = 2mv / [R(M + 3m)]

మన అంకెలతో అది సెకనుకు 60 రేడియన్లు, అంటే తొమ్మిదిన్నర చుట్లు.

ఇక శక్తి. తూటా తెచ్చింది 450 జౌళ్లు. ముందుకు సాగడానికి 4.6, తిరగడానికి 8.9, మొత్తం 13.5 జౌళ్లే చలనంగా మిగిలాయి. తక్కిన 436.5 జౌళ్లు వేడిగా, చీలికగా, నలుగుడుగా పోయాయి. అదే తూటా నడిమధ్యకు గురిపెట్టి వచ్చి దిగితే పోయేది 445.4. తిరుగుడుకు దొరికిన 8.9 జౌళ్లు ఈ నష్టంలో తగ్గినవే.

తగ్గడానికి కారణం ముచ్చటైనది. తాకగానే అంచు వెనక్కి జరిగిపోతుంది. కేంద్రం కదలడమే కాదు, బిళ్ళ తిరగడం కూడా అంచును తూటా దారిలో తోస్తుంది. అందుకే అంచు దగ్గర తూటాకు బిళ్ళ తన బరువులో మూడో వంతే ఉన్నట్టు అనిపిస్తుంది. సూత్రంలోని 3 అక్కడిదే. ఎదురు తగ్గింది కాబట్టి తూటా దిగే లోతూ రవ్వంత తగ్గుతుంది.

బిళ్ళను నడుమ ఇరుసుకు బిగిస్తే 3m చోట 2m వస్తుంది. కేంద్రం కదలదు, ఇరుసు కూడా ఒక కుదుపు ఇస్తుంది. అక్కడ ముందుకు సాగే ద్రవ్యవేగాన్ని నమ్ముకుంటే లెక్క తప్పుతుంది. మన ఉదాహరణలో కోణీయ వేగం 60 బదులు 60.6 వస్తుంది కాబట్టి పొరపాటు కంటికి ఆనదు. తూటా బదులు బిళ్ళంత బరువున్న బంకమట్టి ముద్ద వచ్చి అతుక్కుంటే మాత్రం తేడా దాగదు: ఇరుసు ఉంటే 2v/3R, లేకపోతే v/2R.