రెండు బటన్ల ఫ్లష్: నీళ్లు మిగిలేదెలా, కారితే ఆపేదెలా

కమోడ్ వెనక ఉండే ఫ్లష్ ట్యాంకు మీద రెండు బటన్లు ఉండటానికి కారణం చాలా చిన్నది. మూత్రానికి వెళ్లినప్పుడు, మలవిసర్జనకు వెళ్లినప్పుడు ఒకే మోతాదు నీళ్లు అక్కర్లేదు. పెద్ద బటన్ నొక్కితే సుమారు 6 లీటర్లు, చిన్న బటన్ నొక్కితే సుమారు 3 లీటర్లు వదిలేలా చాలా ట్యాంకులు తయారవుతున్నాయి. ఈ పద్ధతి ఆస్ట్రేలియాలో నిలదొక్కుకుంది. అక్కడి కరోమా కంపెనీలో బ్రూస్ థాంప్సన్ 1980లో రూపొందించిన ట్యాంకు 11 లీటర్లు, 5.5 లీటర్ల చొప్పున నీళ్లు వదిలేది. కమోడ్ల ఆకారం మెరుగయ్యేకొద్దీ ఆ కొలతలు తగ్గుతూ వచ్చాయి.

నలుగురున్న ఇంట్లో ఒక్కొక్కరు రోజుకు ఐదుసార్లు వెళ్తారని, అందులో ఒక్కసారే పెద్ద ఫ్లష్ అవసరమని అనుకుందాం. 10 లీటర్ల పాత ట్యాంకయితే రోజుకు 200 లీటర్లు పోతాయి. రెండు బటన్ల ట్యాంకుతో మనిషికి 18 లీటర్ల చొప్పున 72 లీటర్లతో పని జరుగుతుంది. పొదుపులో ఎక్కువ భాగం చిన్న బటన్ వల్లే వస్తుంది కాబట్టి, ఇంటికొచ్చిన చుట్టాలకూ పిల్లలకూ ఏ బటన్ దేనికో తెలిసి ఉండాలి. ఇంకో షరతు కూడా ఉంది. ఎక్కువ నీళ్ల కోసం తయారైన పాత కమోడ్‌కు కొత్త ట్యాంకు బిగిస్తే ఒక్క ఫ్లష్‌తో శుభ్రం కాదు. రెండుసార్లు నొక్కాల్సి వస్తే మిగిలేదేమీ ఉండదు. కమోడ్, ట్యాంకు ఒకదానికొకటి సరిపోయేవి కావాలి.

ట్యాంకు మధ్యలో నిలువుగా నిలబడి ఉండే ప్లాస్టిక్ గొట్టంలాంటి భాగమే ఫ్లష్ వాల్వు. దాని అడుగున గుండ్రటి రబ్బరు వాషర్ ఉంటుంది. బటన్ నొక్కగానే వాల్వు పైకి లేచి, నీళ్లు కమోడ్‌లోకి దూకుతాయి. పెద్ద ఫ్లష్‌లో ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యేదాకా వాల్వు తేలి ఉంటుంది. చిన్న ఫ్లష్‌లో దాన్ని తేల్చేది కాస్త ఎత్తులో అమర్చిన మరో తేలుడు డబ్బా. నీటిమట్టం ఆ డబ్బా కిందికి దిగగానే తేలే బలం పోయి వాల్వు పడిపోతుంది, మిగతా నీళ్లు ట్యాంకులోనే ఉండిపోతాయి. ఆ తర్వాత పైనున్న నీటి బరువే వాషర్‌ను కింది అంచుకు అదిమి పట్టి ఉంచుతుంది.

ఈ ట్యాంకు బలహీనత కూడా సరిగ్గా అక్కడే ఉంది. వాషర్ రోజంతా నీటి అడుగునే ఉంటుంది. దాని కింద చిన్న ఇసుక రేణువు చేరినా, అంచు మీద ఉప్పు పేరుకున్నా నీళ్లు సన్నగా కారుతూనే ఉంటాయి. బోరు నీళ్లలో ఉప్పు శాతం ఎక్కువగా ఉండే మన ఊళ్లలో ఇది మరీ సాధారణం. బ్రిటన్‌లో చాలాకాలం వాడిన సైఫన్ ట్యాంకులకు ఈ బెడద లేదు. వాటిలో నీళ్లు ఒక వంపు మీదుగా పైకెక్కి దిగాలి, కాబట్టి కారే దారి ఉండదు. 2001 నుంచి అక్కడ వాల్వు ట్యాంకులను అనుమతించాక లీకుల సమస్య కూడా మొదలైంది.

కారుతున్నది ఎంత అన్నది ఇంట్లోనే కొలవచ్చు. ట్యాంకు నిండాక గోడ పక్కనున్న యాంగిల్ కాక్ కట్టేసి, మూత తీసి, లోపల నీటిమట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీయాలి. ట్యాంకు లోపలి పొడవు 35, వెడల్పు 15 సెంటీమీటర్లు అనుకుంటే, మట్టం ఒక సెంటీమీటరు దిగిందంటే అరలీటరు పైచిలుకు నీళ్లు పోయినట్టు. పది నిమిషాల్లో అంత దిగితే గంటకు మూడు లీటర్లు, రోజుకు సుమారు 75 లీటర్లు. పైన చెప్పిన కుటుంబం రోజంతా వాడే నీళ్లకన్నా ఇదే ఎక్కువ! కమోడ్ గోడ మీద సన్నటి తడి మెరుపు తప్ప మరేమీ కనిపించదు, చప్పుడూ ఉండదు. మిద్దె మీది ట్యాంకు త్వరగా ఖాళీ అవుతోందని, మోటారు మాటిమాటికీ వేయాల్సి వస్తోందని అనిపిస్తే మొదట చూడాల్సింది ఇక్కడే.

ఆ గీతే జబ్బు ఎక్కడుందో కూడా చెబుతుంది. కాక్ కట్టేశాక కూడా మట్టం దిగిపోతూ ఉంటే లోపం అడుగు వాషర్‌లో ఉంది. మట్టం ఓవర్‌ఫ్లో పైపు పై అంచు దగ్గర ఆగిపోయి, కాక్ తిప్పగానే మళ్లీ ఆ పైపులోకి నీళ్లు పొర్లుతుంటే లోపం నీళ్లు నింపే వాల్వుది. మూత తీసి పక్కన పెట్టగానే కారడం ఆగిందంటే వాల్వుది తప్పు కాదు. బటన్ కింది కడ్డీ పొడవై వాల్వును కాస్త ఎత్తి పట్టుకుంటోంది. కడ్డీ మరను తిప్పి, కొద్దిగా సందు ఉండేలా తగ్గిస్తే చాలు.

ఎక్కువసార్లు దోషి వాషరే. కాక్ కట్టేసి, ఫ్లష్ చేసి ట్యాంకు ఖాళీ చేయాలి. చాలా ట్యాంకుల్లో వాల్వు గొట్టాన్ని పట్టుకుని పావు వంతు ఎడమవైపు తిప్పితే ఊడి పైకి వస్తుంది, దాని పీట మాత్రం ట్యాంకులోనే ఉంటుంది. వాషర్‌ను మంచినీళ్లలో కడిగి వేలితో తడిమి చూడాలి. గాడి పడినా, జిగురుగా మారినా కొత్తది వేయాల్సిందే. కొలతలు కంపెనీకొక రకంగా ఉంటాయి కాబట్టి పాతది దుకాణానికి తీసుకెళ్లడం మేలు. పీట అంచు మీది ఉప్పు పొరకు వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి కాసేపు ఉంచి, మెత్తగా తుడవాలి. బ్లేడుతో గీకితే ప్లాస్టిక్ మీద పడిన గీతే కొత్త లీకు అవుతుంది. యాసిడ్ జోలికి అసలే పోకూడదు. ట్యాంకులో వేసే క్లోరిన్ బిళ్లలు కూడా రబ్బరును త్వరగా పాడుచేస్తాయి.

నింపే వాల్వు దగ్గర మొదట తేలుడు డబ్బాను చేత్తో పైకెత్తి చూడాలి. నీళ్లు ఆగితే వాల్వు బాగానే ఉంది, మట్టమే ఎక్కువైంది. పక్కనున్న స్క్రూ తిప్పి, ఓవర్‌ఫ్లో పైపు అంచుకు రెండు సెంటీమీటర్లు కిందనే నీళ్లు ఆగేలా సరిచేయాలి. ఎత్తినా ఆగకపోతే లోపలి రబ్బరు బిళ్ల కింద మట్టి చేరి ఉండొచ్చు. కాక్ కట్టేసి, వాల్వు తల విప్పి, ఆ బిళ్లను తీసి కడగాలి. తర్వాత రంధ్రం మీద గ్లాసు బోర్లించి పట్టుకుని ఒక్క క్షణం కాక్ తిప్పితే లోపలి మట్టి బయటికి కొట్టుకొస్తుంది. బిళ్ల చిరిగి ఉంటే మార్చాలి.

పీట కింది నుంచి, అంటే ట్యాంకుకూ కమోడ్‌కూ మధ్య నీళ్లు కారుతుంటే మాత్రం ట్యాంకునే దించాలి. పింగాణీ పగిలే పని కాబట్టి అది ప్లంబర్‌కు వదిలేయడమే మంచిది. రిపేరు ఎవరు చేసినా, మళ్లీ కాక్ కట్టేసి గీత పెట్టి ఓ అరగంట చూడండి. మట్టం గీత మీదే ఉంటే లీకు ఆగినట్టే.