ఆఫర్ లెటర్‌లోని కంపెనీ అసలు ఎంతది?

బ్రిటన్‌లో చదువు ముగించి, వీసా స్పాన్సర్ చేసే ఉద్యోగం కోసం వెతుకుతున్న మన పిల్లలకు ఒక్కోసారి ఎన్నడూ పేరు వినని కంపెనీ నుంచి ఆఫర్ వస్తుంది. ‘250 మంది ఉద్యోగులు, 2 కోట్ల పౌండ్ల టర్నోవర్’ అని అందులో రాసి ఉందనుకుందాం. అది నిజమో కాదో పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. అక్కడ ప్రతి లిమిటెడ్ కంపెనీ ఏటా కంపెనీస్ హౌస్‌కు లెక్కలు సమర్పించాలి. ఆ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి ‘ఫైలింగ్ హిస్టరీ’ తెరిస్తే అవి దొరుకుతాయి.

లెక్కల పేరులోనే కంపెనీ స్థాయి కొంత తెలుస్తుంది. ‘టోటల్ ఎగ్జెంప్షన్ ఫుల్ అకౌంట్స్’ అని ఉంటే ‘ఫుల్’ అనే మాట చూసి మోసపోవద్దు. అవి ఆడిట్ మినహాయింపు పొందిన చిన్న కంపెనీ లెక్కలే. అంతకంటే చిన్నవి ‘మైక్రో’ కింద వస్తాయి. 2025 ఏప్రిల్ 6 నుంచి మొదలైన ఆర్థిక సంవత్సరాలకు మైక్రో హద్దులు ఇవి: టర్నోవర్ 10 లక్షల పౌండ్లు, మొత్తం ఆస్తులు 5 లక్షలు, ఉద్యోగులు పదిమంది. స్మాల్‌కు వరుసగా కోటిన్నర, 75 లక్షలు, 50 మంది. ఈ మూడింటిలో ఏ రెండింటికి లోబడి ఉన్నా చాలు.

చాలామంది పొరబడేది ఇక్కడే. మన ఉదాహరణ కంపెనీ మైక్రో లెక్కలు వేసింది, ఉద్యోగుల సగటు ఇద్దరు, మొత్తం ఆస్తులు 44 వేల పౌండ్లు. రెండు షరతులు తీరాయి కాబట్టి, టర్నోవర్ ఎంతున్నా అది మైక్రోగా ఉండవచ్చు. పైగా మైక్రో, స్మాల్ కంపెనీలు లాభనష్టాల ఖాతాను బయటపెట్టకపోయినా చెల్లుతోంది. అలాంటప్పుడు బ్యాలెన్స్ షీట్‌నే అడగాలి. 2 కోట్ల వ్యాపారమంటే నెలకు దాదాపు 16.7 లక్షలు. కస్టమర్లకు నెల రోజుల అప్పు ఇస్తే, రావలసిన బాకీలే అంత ఉంటాయి. ఆస్తులన్నీ కలిపినా 44 వేలే ఉన్నచోట ఆ టర్నోవర్ నమ్మశక్యం కాదు.

ఉద్యోగుల సంఖ్యను నోట్స్‌లో చూడండి. అది ఏడాది పొడవునా నెలనెలా ఉన్నవారి సగటు. పార్ట్‌టైమ్ వాళ్లనూ ఒక్కొక్కరుగానే లెక్కిస్తారు. కాంట్రాక్టర్లు అందులోకి రారు. కాబట్టి ఐటీ కన్సల్టెన్సీల్లో పనిచేసేవారు ఆ అంకె కంటే ఎక్కువే ఉండవచ్చు. మాతృసంస్థ ఉంటే దాని లెక్కలూ తెరవాలి. ప్రైవేటు కంపెనీకి లెక్కలు వేయడానికి ఏడాది ముగిశాక 9 నెలల గడువుంది. అందుకే తారీఖు చూడకుండా తీర్పు ఇవ్వొద్దు.

చిన్న కంపెనీ కావడం తప్పు కాదు. ఇద్దరున్న చోట 250 మంది అని రాయడం మాత్రం తప్పే. ఆ తేడాకు రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా సంతకం పెట్టకండి, ఒక్క పౌండు కూడా కట్టకండి.