సూరత్ సాంచాల చప్పుడు మింగిన చెవులకు ఏ కానుక పనికొస్తుంది?

తెలంగాణ జిల్లాల నుంచి సూరత్ వెళ్లిన పద్మశాలి కుటుంబాలు చాలావరకు లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. దశాబ్దాలపాటు మరమగ్గాల, అంటే సిరిసిల్ల భాషలో సాంచాల, నడుమ నిలబడి పనిచేసిన పెద్దల్లో వినికిడి తగ్గడం మామూలే. దీపావళికి పిల్లలు అలాంటి తండ్రికి రేడియో, బ్లూటూత్ స్పీకర్ కొనిస్తుంటారు. శబ్దం పెంచితే సరిపోతుందన్నది వారి ఆలోచన.

సరిపోదు. మన దేశంలో ఫ్యాక్టరీలకు ఎనిమిది గంటల షిఫ్టులో శబ్ద పరిమితి 90 డెసిబెల్స్. మగ్గాల షెడ్లలో అది తరచూ దాటిపోతుంది. ఆ దెబ్బ ముందుగా తగిలేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే సన్నని ధ్వనులకు. అచ్చులు వినిపిస్తాయి, ‘స’, ‘త’, ‘క’ లాంటి హల్లులు జారిపోతాయి. అందుకే ‘మాట వినబడుతోంది, అర్థం కావట్లేదు’ అంటారు. వాల్యూమ్ పెంచితే మాట తేటపడదు, గోల పెరుగుతుంది.

కాబట్టి కానుక చెవిని వదిలి కంటినో, చర్మాన్నో పలకరించాలి. ఒక గదిలో ఒంటరిగా ఉంటూ ఉదయం షిఫ్టుకు వెళ్లే పెద్దాయన్నే తీసుకుందాం. ఆయనకు మొదటి చిక్కు నిద్ర లేవడం. దిండు కింద పెట్టే వైబ్రేషన్ అలారం ఇందుకు పనికొస్తుంది. మందపాటి దూది పరుపు కింద పెడితే అదురు పైకి రాదు, దిండు కిందే ఉండాలి. కరెంటు పోయినా పనిచేసేలా బ్యాటరీ ఉన్నదే కొనాలి. ఇచ్చేముందు ఆయన్ను పడుకోబెట్టి, రెండు నిమిషాల తర్వాత మోగేలా పెట్టి చూడాలి. ఆ అదురుకు మెలకువ రాదనిపిస్తే వేరేది మార్చుకోవచ్చు.

రెండోది తలుపు. బటన్ నొక్కగానే వెలుగు మిణుకుమనే వైర్‌లెస్ బెల్ తక్కువ ఖర్చులోనే దొరుకుతుంది. దాని లోపమల్లా ఒక్కటే: వీపు తిప్పుకుని పొయ్యి దగ్గర నిలబడితే కనిపించదు, పగటి వెలుతురులో తేలిపోతుంది. రిసీవర్‌ను పొయ్యి ఎదుటి గోడకు, కిటికీకి దూరంగా పెట్టాలి. గదులు ఆనుకుని ఉండే చోట పక్కింటి బెల్‌కు ఇది వెలగట్లేదు కదా అనీ చూసుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ వాడేది బహుశా డబ్బు పెట్టి కొననిదే. గూగుల్ ‘లైవ్ ట్రాన్‌స్క్రైబ్’ యాప్ 2019లో వచ్చింది. ఎదుటివారి మాటను ఫోన్ తెరపై తెలుగులోనూ, గుజరాతీలోనూ అక్షరాలుగా చూపిస్తుంది. బ్యాంకు కౌంటర్ దగ్గర, డాక్టర్ గదిలో బాగానే ఆదుకుంటుంది. నడుస్తున్న సాంచాల పక్కన మాత్రం తప్పులు రాస్తుంది. చదవడం రానివారికి అసలు ఉపయోగపడదు. అలాంటివారికి పెదవులు కనిపించే వీడియో కాల్ మేలు. మాట్లాడేవారి ముఖం మీద వెలుతురు పడాలి. వీపు వెనక కిటికీ ఉంటే పెదవులు నల్లగా కనిపిస్తాయి.